ఒక్క ఓటమితో ఇంటికా, రెండో అవకాశమా?

నాకౌట్ పోటీలో ఓడినవాళ్లు వెళ్లిపోతారు, గెలిచినవాళ్లు ముందుకు సాగుతారు. చివరికి మిగిలేది ఒక్కరే కాబట్టి ఎన్ని ఆటలు జరగాలో లెక్కకట్టడం సులువు. ఒక్కో ఆటకు ఒకరు తప్పుకుంటారు, విజేత తప్ప అందరూ తప్పుకోవాలి. అంటే ఆటగాళ్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ. వింబుల్డన్ సింగిల్స్‌లో 128 మంది ఆడితే 127 మ్యాచ్‌లు, ఏడు రౌండ్లు.

ఆటగాళ్లు 4, 8, 16, 32 ఇలా ఉంటే డ్రా చక్కగా కుదురుతుంది. 11 మంది పేర్లిస్తేనే చిక్కు. ఉన్నవాళ్లను ఉన్నట్టు జతచేసుకుంటూ పోతే 11 మంది ఆరుగురవుతారు, ఆరుగురు ముగ్గురవుతారు. ఆ ముగ్గురిలో ఒకరు ఆడకుండానే ఫైనల్లో కూర్చుంటారు. గొడవలు మొదలయ్యేది అక్కడే. అందుకే 16 గడుల డ్రా గీసి, తక్కువైన ఐదు చోట్లకు తొలి రౌండ్‌లోనే ‘బై’ ఇస్తారు. మిగతా ఆరుగురు మూడు ఆటలు ఆడతారు. వాటిలో గెలిచిన ముగ్గురూ, బై పొందిన ఐదుగురూ కలిసి ఎనిమిది మంది అవుతారు. ఆపైన ఎక్కడా బేసి సంఖ్య రాదు. బైలు మేటి ఆటగాళ్లకే దక్కుతాయి.

మేటివాళ్లను డ్రాలో ముందే దూరదూరంగా ఉంచడాన్ని సీడింగ్ అంటారు. ఎనిమిది మంది ఉంటే పై సగంలో 1–8, 4–5 జతలు, కింది సగంలో 3–6, 2–7 జతలు వస్తాయి. ప్రతి జత మొత్తం 9. ఇలా వేస్తే మొదటి ఇద్దరూ ఫైనల్లో తప్ప ఎదురుపడరు.

సీడింగ్ లేకుండా చీటీలు తీస్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో చార్లెస్ డాడ్జ్‌సన్ 1883లోనే చూపించాడు. లూయిస్ కరోల్ పేరుతో ‘ఆలిస్’ కథలు రాసిన లెక్కల పంతులే ఆయన. ఎప్పుడూ మెరుగైనవారే గెలుస్తారనుకున్నా, రెండో మేటి ఆటగాడు మొదటివాడున్న సగంలోనే పడితే ఫైనల్‌కు రాకుండానే ఓడిపోతాడు. ఎనిమిది మంది డ్రాలో ఇలా జరగడానికి ఏడింట మూడు వంతుల అవకాశముంది. రన్నరప్ బహుమతి అతనికంటే తక్కువ ఆటగాడికి పోతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దేదే డబుల్ ఎలిమినేషన్. ఇందులో రెండుసార్లు ఓడితేనే ఇంటికి. డ్రా రెండు వరుసలుగా ఉంటుంది: ఓటమి ఎరుగనివాళ్లది పై వరుస, ఒకసారి ఓడినవాళ్లది కింది వరుస.

ఒక కాలేజీ క్యారమ్స్ క్లబ్ అధ్యక్షుడికి ఓ విద్యార్థి ఈ పద్ధతిని సూచిస్తూ లేఖ రాశాడనుకుందాం. ఆటగాళ్లు ఎనిమిది మంది, బోర్డులు రెండు, ఒక్కో ఆటకు ముప్పావుగంట. పై వరుసలో ఏడు ఆటలుంటాయి. తొలి రౌండ్‌లో ఓడిన నలుగురు కింది వరుసలో రెండు ఆటలు ఆడతారు. ఆ ఇద్దరు విజేతలు, పై వరుస సెమీఫైనల్స్‌లో ఓడి దిగిన ఇద్దరితో తలపడతారు. గెలిచిన ఇద్దరి మధ్య మరో ఆట జరుగుతుంది. అందులో నెగ్గినవారు, పై వరుస ఫైనల్లో ఓడినవారితో ఆడతారు. ఇక్కడ గెలిస్తే తుది పోరుకు అర్హత. కింది వరుసవి ఆరు, తుది పోరు ఒకటి కలిపి మొత్తం 14 ఆటలు.

పైనుంచి దిగేవాళ్లను ఏ గడిలో వేస్తారన్నది జాగ్రత్తగా చూడాలి. 4వ సీడ్ తొలి రౌండ్‌లో 5వ సీడ్‌ను ఓడించి, సెమీస్‌లో 1వ సీడ్ చేతిలో ఓడాడనుకుందాం. 5వ సీడ్ కింది వరుసలో ఒక ఆట నెగ్గి ఉండవచ్చు. 4వ సీడ్‌ను తిన్నగా కిందికి దించితే మళ్లీ అదే జత ఎదురవుతుంది. అందుకే పై సగం నుంచి దిగినవారిని కింది సగం వైపుకూ, అటువారిని ఇటూ మార్చి వేస్తారు.

తుది పోరులో మరో మెలిక ఉంది. పై వరుస నుంచి వచ్చినవారు అప్పటిదాకా ఓడలేదు. అక్కడ ఓడితే ఇద్దరికీ చెరో ఓటమి అవుతుంది కాబట్టి, ఇంకో ఆట పెట్టాలి. అప్పుడు మొత్తం 15. ఆ ఆట ఉంటుందో లేదో పోటీకి ముందే నిబంధనల్లో రాయకపోతే ట్రోఫీ ఇచ్చేటప్పుడు తగాదా ఖాయం.

రెండు బోర్డుల మీద మామూలు నాకౌట్ మూడు గంటల్లో ముగుస్తుంది. డబుల్‌లో ఒక ఆట ఫలితం తేలేదాకా మరొకటి మొదలవ్వదు. అందువల్ల 14 ఆటలకు ఆరు గంటలు, అదనపు ఆట పడితే ఆరూ ముప్పావు పడుతుంది. ఇంత సమయం వెచ్చించినందుకు, మెరుగైనవారే గెలుస్తారన్న లెక్కలో, రెండో స్థానం రెండో మేటివాడికే ఖాయమవుతుంది. మూడో స్థానానికి మాత్రం ఆ హామీ లేదు. మొదటి ఇద్దరి చేతుల్లో త్వరగా ఓడితే మూడో మేటివాడు ముందే తప్పుకోవచ్చు. అన్ని స్థానాలూ సరిగ్గా తేలాలంటే అందరూ అందరితో ఆడే లీగ్ పెట్టాలి. ఎనిమిది మందికి అది 28 ఆటలు.