గేటు పడింది సార్!

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ పేరు ఇప్పటికి పదకొండు సార్లు మారింది. ఫస్టియర్‌లో ‘ఈసీఈ రాక్స్’తో మొదలైంది. ప్లేస్‌మెంట్లు అయ్యాక ఎవడో ‘బెంచ్ మీదున్నోళ్లు’ అని పెట్టాడు (ఐటీలో ఉన్నవాళ్లకి ఆ జోకులో బాధ కూడా తెలుస్తుంది). చివరికి ‘2014 బ్యాచ్’ దగ్గర ఆగింది. హమ్మయ్య, ఈ పేరుతో ఎవరికీ పేచీ లేదనుకున్నాం.

ఉందని పోయినేడు తెలిసింది. డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, సెకండియర్‌లో నేరుగా వచ్చి చేరిన ఆరుగురిలో ఒకడు నా ల్యాబ్ పార్ట్‌నర్. వాడికి బైక్ యాక్సిడెంట్ అయింది, రెండు ఆపరేషన్లు జరిగాయి. ఆ సంగతి మాకు తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది, అదీ వేరే ఊరి ఫ్రెండ్ ద్వారా. గ్రూప్‌లో ఎందుకు పెట్టలేదా అని చూస్తే వాడు గ్రూప్‌లోనే లేడు. వెనక్కి స్క్రోల్ చేశా. నాలుగేళ్ల కిందటే ఎగ్జిట్ అయ్యాడు. దాని కింద ఎవరో బిర్యానీ ఫొటో పెట్టారు. ఎందుకు వెళ్లావని ఒక్కరూ అడగలేదు.

ఆసుపత్రిలో కలిసినప్పుడు నవ్వుతూనే అన్నాడు. “మీది 2014 కదరా, నేను 15లో వచ్చినోణ్ణి. రీయూనియన్ ఫ్లెక్సీ మీద నా ఏడాది ఎప్పుడైనా చూశావా?”

వాడి కోసం 2,86,000 పోగయ్యాయి. అన్నీ మాలో ఒకడి సొంత ఖాతాలో పడ్డాయి. వాడేమో ప్రతి రూపాయికీ స్క్రీన్‌షాట్ పెట్టుకుంటూ, “మళ్లీ నా ఖాతా వద్దు బాబోయ్” అన్నాడు. అలా సంఘం రిజిస్టర్ చేద్దామన్న మాట వచ్చింది. ఫారంలో మొదటి గడే పేరు. అక్కడ నాలుగు నెలలు ఆగిపోయాం.

ఏటా వేసవిలో పేపర్ జిల్లా పేజీల్లో చూస్తుంటాం కదా, ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం అని. స్కూల్లో ఆ లెక్క చాలావరకు కుదురుతుంది, ఎందుకంటే అందరూ ఒకే మార్చిలో పరీక్ష రాసినవాళ్లు. ఇంజినీరింగ్‌లో అలా కాదు. చేరిన ఏడాది పెడితే లేటరల్ ఎంట్రీ వాళ్లు బయటే నిలబడతారు. పాసైన ఏడాది 2018 పెడితే, క్రెడిట్లు చాలక డిటెయిన్ అయి జూనియర్లతో కూర్చున్న ముగ్గురు బయట. ‘14-18’ అని రెండూ పెడితే ఇద్దరికీ సగం సగం తలుపు వేసినట్టే. అందుకని పేరులో ఏడాదే వద్దనుకున్నాం.

కాలేజీ పేరు పెట్టొచ్చు కదా అన్నారు కొందరు. ఒకటి, దానికి యాజమాన్యం ఒప్పుకోవాలి, రేపు మేనేజ్‌మెంట్ మారితే మళ్లీ మొదటికొస్తుంది. రెండోది, కాలేజీల పేర్లే నిలబడవు. వరంగల్‌లో 1959లో మొదలైన ఆర్‌ఈసీ 2002లో ఎన్‌ఐటీ అయింది. అక్కడ పాతకాలంలో చదివినాయన, మా టీమ్ మేనేజర్, ఇప్పటికీ “మాది ఆర్‌ఈసీ” అనే చెబుతాడు. ఒక్కటిగా ఉన్న జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం వర్సిటీలుగా విడిపోయింది. పేరు పాతదైతే ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవాలి.

తర్వాత పోల్ పెట్టాం. అబ్బాయిల హాస్టల్ వెనక ఉండే టీకొట్టు పేరు భారీ మెజారిటీతో గెలిచింది. అప్పుడు ఒకమ్మాయి ఒక్క లైను రాసింది: “మా హాస్టల్ గేటు ఆరింటికే వేసేసేవాళ్లు. నేనా టీకొట్టు ఒక్కసారి కూడా చూడలేదు.” కింద పధ్నాలుగు మంది అమ్మాయిలు బొటనవేలు పెట్టారు. మాకు అంత గొప్ప జ్ఞాపకం, బ్యాచ్‌లో దాదాపు సగం మందికి అసలు లేదు! ఓట్ల లెక్క ఇలాంటప్పుడు మోసం చేస్తుంది. గ్రూప్‌లో ఎక్కువ మాట్లాడేవాళ్ల జ్ఞాపకాలే గెలుస్తాయి.

అందుకే పోల్ పక్కన పెట్టి ఫోన్లు చేశాం. ఐదు రకాల వాళ్లని ఎంచుకున్నాం. హాస్టల్ అబ్బాయి, హాస్టల్ అమ్మాయి, ఊరి నుంచి బస్సులో వచ్చినవాళ్లు, లేటరల్ ఎంట్రీ, డిటెయిన్ అయినవాడు. పేరు చెప్పి ‘బాగుందా’ అని అడగలేదు, మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. ‘ఈ మాట వినగానే నీకేం గుర్తొస్తుంది’ అని మాత్రమే అడిగాం. ఎవరైనా రెండు సెకన్లు ఆలోచనలో పడితే ఆ పేరు కొట్టేశాం. అలా తొమ్మిది పేర్లు పోయాయి.

మిగిలింది రైలుగేటు.

మా కాలేజీకి ఒకటే దారి, దానికడ్డంగా రైలు పట్టాలు. పొద్దున తొమ్మిదింటి క్లాసుకి సరిగ్గా ముందు గేటు పడేది. కాలేజీ బస్సు, బైకులు, షేర్ ఆటోలు, నడిచొచ్చేవాళ్లు, స్కూటర్ మీద మా ల్యాబ్ అసిస్టెంట్, అందరూ అక్కడ ఆగాల్సిందే. అసైన్‌మెంట్లు అక్కడే కాపీ కొట్టేవాళ్లం. లేటైతే అందరిదీ ఒకటే మాట, “గేటు పడింది సార్”. ఫోన్ చేసిన ఐదుగురిలో నలుగురు నేను పూర్తిగా అడక్కముందే ఆ డైలాగ్ చెప్పేశారు. ఇప్పుడక్కడ అండర్‌బ్రిడ్జి వచ్చింది, గేటు లేదు. జూనియర్లకి ఈ పేరు అర్థం కాదని ఒకరన్నారు. ఈ సంఘం మా బ్యాచ్‌ది కదా, వాళ్లకి అర్థం కాకపోయినా ఫర్వాలేదనిపించింది.

‘రైల్వే గేట్’ అని కాకుండా ‘రైలుగేటు’ అనడానికీ కారణముంది. ప్రభుత్వ సంస్థ అనిపించే పేర్లపై 1950 నుంచే ఒక చట్టం ఉంది. రైల్వే అన్న మాటతో ఎందుకొచ్చిన తంటా? ఇక 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి, అప్పటికే రిజిస్టరైన పేరుకి మరీ దగ్గరగా ఉంటే ఒప్పుకోరు. ఆ గండం దాటడానికి వెనక ‘పూర్వ విద్యార్థుల మిత్రమండలి’ అని తగిలించాం.

అసలు గొడవ స్పెల్లింగ్ దగ్గరొచ్చింది. నలుగురు నాలుగు రకాలుగా రాశారు: `RAILU GATE`, `RAILUGATE`, `RAILUGETU`, `RYLUGATE`. రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, బ్యాంకు ఖాతా మూడింట్లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండకపోతే ఖాతా దగ్గరే తిప్పి పంపుతారు. పైగా డబ్బు పంపేవాడి ఫోన్లో కనిపించేది ఆ ఖాతా పేరే. కొత్త పేరేదో కనిపిస్తే వాడి వేలు ఆగిపోతుంది. కలిపి రాసిన రెండోది ఖాయం చేసి, అన్ని కాగితాల్లోనూ అదే కాపీ పేస్ట్ చేశాం.

పేరులో లేని ఏడాదిని నియమావళిలో ఇలా రాసుకున్నాం: ‘2014 నుంచి 2018 మధ్య మా సెక్షన్‌లో ఒక్క సెమిస్టర్ కూర్చున్నా సభ్యులే. పాసవ్వాల్సిన పనిలేదు.’ రెండో వాక్యం తీసేద్దామని ఒకడు పట్టుబట్టాడు, కాగితం మీద బాగోదని. ఉంచాలన్నది డిటెయిన్ అయినవాళ్లు కాదు, మా గోల్డ్ మెడలిస్ట్.

ఏడు సంతకాలూ అయ్యాయి. మూడోది నా ల్యాబ్ పార్ట్‌నర్‌ది, చేతికి ఇంకా పట్టీ ఉండటంతో కొంచెం వంకరగా వచ్చింది. ఆ రాత్రే గ్రూప్ పేరు పన్నెండోసారి మార్చి, వాణ్ణి మళ్లీ యాడ్ చేశాం. పది నిమిషాలు ఏమీ రాయలేదు. తర్వాత మెసేజ్ వచ్చింది.

“లేటైంది, సారీ. గేటు పడింది.”