అత్తకు రాసే నాలుగు మాటలు

పుట్టినరోజుకు మేనత్త ఒక స్టీలు టిఫిన్ డబ్బా కొరియర్‌లో పంపిందనుకుందాం. రెండు అరలది, మహా అయితే నాలుగైదు వందలు ఉంటుంది. దానికి రాసే జవాబులో మాట తగ్గితే మొక్కుబడిగా ఉంటుంది, పెరిగితే నాటకంలా ఉంటుంది.

చిక్కు పిలుపు దగ్గరే మొదలవుతుంది. ఇంట్లో ‘అత్తా, నువ్వు’ అనే మేనకోడలు, రాయడానికి కూర్చోగానే ‘గౌరవనీయులైన అత్తయ్యగారికి’ అని అందుకుంటే ఆవిడకు అందులో మర్యాద కన్నా ఎడమే కనిపిస్తుంది. ‘ధన్యవాదాలు’, ‘కృతజ్ఞతలు’ సభల్లో వందన సమర్పణకు అలవాటుపడిన మాటలు. అయినవాళ్ల మధ్య ‘థాంక్స్ అత్తా’ చాలు, అదీ ఒక్కసారే. కొందరు పెద్దవాళ్లకు అది కూడా పరాయితనంగా తోస్తుంది. ‘నాకెందుకే థాంక్సులు’ అంటారు. వాళ్లకు ఆ మాటే లేకుండా రాయవచ్చు.

అతి ఎలా ఉంటుందో చూడండి: ‘మీరు పంపిన అపురూపమైన కానుక చూసి నోట మాట రాలేదు. ఇంత ఖర్చెందుకు పెట్టారు? మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను.’ డబ్బా ధర ఎంతో కొన్న అత్తకు తెలుసు. అందుకే ‘అపురూపం’ అంటే వెటకారమేమో అనిపించవచ్చు. ‘ఇంత ఖర్చెందుకు’ అన్నది ఎదురుగా నవ్వుతూ అంటే ముచ్చటే, కాగితం మీద మాత్రం లేనిపోని లెక్క తీసినట్టుంటుంది. ఇక రుణం మాట పెంచి పెద్దచేసినవాళ్లకు దాచుకోవాలి. వీటన్నిటికన్నా చెడ్డది ‘చిన్నదైనా నచ్చింది’. అందులో ‘అయినా’ ఒక్కటి చాలు మనసు చివుక్కుమనడానికి.

అదే జవాబు ఇలా మారవచ్చు: ‘అత్తా, డబ్బా ఇవాళ ఆఫీసుకు తీసుకెళ్లాను. కింది అరలో పప్పుచారన్నం, పైన బెండకాయ వేపుడు. బ్యాగులో చుక్క కారలేదు. పాత డబ్బా మూత విరిగిందని ఎప్పుడో ఫోన్లో అన్నాను, గుర్తుపెట్టుకున్నావు చూడు! థాంక్స్ అత్తా. మామయ్యను అడిగానని చెప్పు.’

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. పప్పుచారు కారలేదన్న ముక్కతోనే డబ్బా పనికొచ్చిందని తెలిసిపోతుంది. మూత విరిగిన సంగతి ఎత్తడంతో మెప్పు వస్తువు మీద కాక, అత్త శ్రద్ధ మీదికి వెళ్లింది.

అయితే రాసింది నిజమై ఉండాలి. అటక మీద పెట్టిన డబ్బాను రోజూ వాడుతున్నానని రాస్తే, ఈసారి వచ్చినప్పుడు అత్త వంటింట్లో దానికోసం చూస్తుంది. నచ్చకపోతే అందిందనీ, పుట్టినరోజు గుర్తుంచుకున్నందుకు సంతోషమనీ రాసి ఊరుకోవచ్చు. కవర్లో 116 రూపాయలు పెట్టి ఇస్తే అంకె రాయక, దాంతో ఏం కొన్నదీ చెబితే బాగుంటుంది.

వాడి చూశాక తీరిగ్గా రాసినా, అందినట్టు మాత్రం ఆ రోజే చెప్పండి. కొరియర్ చేరిందో లేదోనని అత్త ఎదురుచూస్తూ ఉంటుంది.