అక్షరమా, చుక్కలా? ఫొటోపీ కథ

గృహప్రవేశం కార్డు తయారైపోయాక ముహూర్తం 10.15 నుంచి 9.40కి జరిగిందనుకుందాం. మార్చాల్సింది ఒక్క సమయమే. ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్, అందులో ఫొటోషాప్ లేదు. అలాంటప్పుడు బ్రౌజర్‌లో photopea.com తెరిస్తే చాలు, ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేకుండా ఎడిటర్ వచ్చేస్తుంది. ఉచితం; పక్కన ప్రకటనలు కనిపిస్తాయి, అంతే.

దీన్ని రాసినవాడు ఇవాన్ కుట్‌స్కిర్. ఉక్రెయిన్‌లో పుట్టి, ప్రాగ్‌లో కంప్యూటర్ సైన్స్ చదివాడు. మొదట అతను చేయాలనుకున్నది ఎడిటర్ కాదు. ఫొటోషాప్ దాచే పీఎస్‌డీ ఫైలును ఫొటోషాప్ లేకుండానే తెరిచి చూపించే చిన్న ప్రోగ్రామ్ చాలనుకున్నాడు. ఫైలులోని లేయర్లు చదవడం కుదిరాక వాటిని కదపడం, ఆపైన మార్చడం ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయాడు. 2013లో అది ఫొటోపీగా బయటికి వచ్చింది. చాలా ఏళ్లు ఒక్కడే రాసుకుంటూ వచ్చాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఫొటోపీ వెబ్‌సైటే అయినా మీ బొమ్మ ఎక్కడికీ వెళ్లదు. ప్రోగ్రామ్ బ్రౌజర్‌లోకి దిగి, మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌తోనే పనిచేస్తుంది. కాబట్టి భారమంతా ఆ పాత యంత్రానిదే. ఎంత భారం? ఒక్కో చుక్కకు 4 బైట్లు కావాలి. 1200×1600 చుక్కల కార్డు బొమ్మలో నిండు లేయరు ఒక్కటి 8 ఎంబీ లోపే. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కలతో చేస్తే ఒక్కో లేయరు దాదాపు 72 ఎంబీ. అలాంటివి పది ఉంటే పాత ల్యాప్‌టాప్ ఉక్కిరిబిక్కిరైపోతుంది, ట్యాబే కూలిపోవచ్చు. కార్డు పనికి మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు, మిగతా ట్యాబులు మూసేస్తే చాలు. చిన్న బొమ్మకే నత్తనడక నడుస్తుంటే క్రోమ్‌లో chrome://gpu తెరిచి WebGL వరస చూడండి. అక్కడ Software only అని ఉంటే గ్రాఫిక్స్ చిప్ సాయం అందడం లేదన్నమాట.

ఇక అసలు పని. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ సమయం ఫైలులో ఇంకా అక్షరంగానే ఉందా, చుక్కలైపోయిందా?

పీఎస్‌డీ అయితే లేయర్ల పట్టీలో T గుర్తు కోసం చూడండి. అది ఉంటే అక్షరం బతికే ఉంది. దాని మీద రెండుసార్లు నొక్కి కొత్త సమయం టైప్ చేయడమే. ఇక్కడొక చిక్కుంది. టెక్స్ట్ లేయరులో రాతతో పాటు ఫాంటు పేరు, సైజు, చివరిసారి గీసిన బొమ్మ కూడా ఉంటాయి. అందుకే ఫాంటు లేకపోయినా తెరవగానే అంతా చక్కగా కనిపిస్తుంది. మీరు ఒక్క అక్షరం ముట్టుకోగానే కొత్తగా గీయాలి కాబట్టి రూపం మారిపోతుంది. మన డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో చేసిన ఫైలైతే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ప్రత్యక్షమవుతాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు. తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. ఆ ఫాంటు ఫైలు దొరికితే ఫొటోపీ కిటికీలోకి లాగి వదలండి. దొరకకపోతే రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంటు తెచ్చుకుని ఆ లేయరంతా మళ్లీ టైప్ చేయండి. ముందుగా ‘లక్ష్మి’ అని కొట్టి చూడండి. ఒత్తులు విడిపోకుండా కూర్చుంటే ఫాంటు పనికొచ్చినట్టే.

వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ అయితే అక్షరాలు ఎప్పుడో చుక్కలైపోయాయి. పాతది కప్పి, కొత్తది పైన రాయాలి. నేపథ్యం ఒకే రంగైతే ఐడ్రాపర్‌తో ఆ రంగు తీసుకుని, సమయం చుట్టూ దీర్ఘచతురస్రం ఎంచి, Alt+Backspace నొక్కండి. ఎంపికను అక్షరాల అంచుకు అతికించకండి. జేపీజీ బొమ్మను 8×8 చుక్కల గడులుగా కుదిస్తుంది కాబట్టి అక్షరం చుట్టూ మసక మరకలు మిగులుతాయి. అన్ని వైపులా ఓ పది చుక్కలు ఎడం ఇస్తే అవీ పోతాయి. నేపథ్యంలో రంగు మారుతూ ఉంటే ఈ పద్ధతి అతుకులా కనిపిస్తుంది. అప్పుడు పక్కనున్న ఖాళీ పట్టీని ఎంచి, Ctrl+J తో కొత్త లేయరుగా చేసి, దాన్ని సమయం మీదికి జరపండి. తర్వాత T తో 9.40 రాయండి. రంగును పక్క వరస అక్షరాల్లో లావుగా ఉన్న గీత మధ్య నుంచి తీసుకోండి, అంచులో రంగు పలచబడి ఉంటుంది. కొత్త అంకెలు మరీ పదునుగా కనిపిస్తే Gaussian Blur అరచుక్క ఇస్తే పక్కవాటిలో కలిసిపోతాయి.

ట్యాబు మూస్తే దాచనిదంతా పోతుంది. అందుకని ముందు Save as PSD, ఆ తర్వాతే Export as లో JPG. కార్డు వేయించే ప్రతిసారీ షాపువాళ్లను జేపీజీతో పాటు పీఎస్‌డీనీ, అందులో వాడిన ఫాంటు పేరునూ అడిగి తీసుకోండి.