మగపిల్లల ప్రేమభంగం: అపోహలు – వాస్తవాలు

కౌమారంలో ప్రేమ విఫలమైనా, ఒకవైపే మిగిలిపోయినా ఆడపిల్లలూ మగపిల్లలూ బాధపడతారు. ఆ బాధ బయటికి కనబడకూడదన్న కట్టడి మాత్రం మగపిల్లల మీదే ఎక్కువ. కువైట్‌లో పెరిగే తెలుగు పిల్లలకు అక్కడి జీవనం వల్ల ఈ కట్టడి మరింత బిగుస్తుంది.

అపోహ: మగపిల్లలు ప్రేమను అంతగా మనసుకు ఎక్కించుకోరు.

వాస్తవం: అమెరికాలోని టొలీడో ప్రాంతంలో 1,300 మందికి పైగా కౌమార వయస్కులను పెగ్గీ జియోర్డానో బృందం ప్రశ్నించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. మమకారంలో మగపిల్లలు ఆడపిల్లలకు తీసిపోలేదని అందులో తేలింది. మనసులో మాట చెప్పుకోవడంలోనే వారికి తడబాటు ఎక్కువగా కనిపించింది.

అపోహ: కాదన్నాక కూడా అదే ధ్యాసలో ఉండటం బలహీనత.

వాస్తవం: ప్రేమలో తిరస్కారం పొందినా ఇంకా మరచిపోలేని 15 మంది యువతీయువకుల మెదళ్లను హెలెన్ ఫిషర్ బృందం స్కాన్ చేసింది. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. కాదన్న వ్యక్తి ఫొటో చూసినప్పుడు వారిలో కోరికకు, ప్రతిఫలం కోసం ఎదురుచూపుకు సంబంధించిన మెదడు భాగాలు చురుగ్గా పనిచేశాయి. ఆశ పోయినా కోరిక వెంటనే చల్లారదన్నమాట. మరచిపొమ్మని ఎవరో గద్దించినంత మాత్రాన అది ఆగదు.

అపోహ: మగపిల్లాడు ఏడవకపోతే త్వరగా తేరుకున్నట్టే.

వాస్తవం: కౌమారంలో కుంగుబాటు దిగులుగానే కాక చిరాకుగా, కోపంగా కూడా బయటపడుతుంది. అబ్బాసియాలోనో సాల్మియాలోనో ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి చదివే అబ్బాయిని ఊహించుకోవచ్చు. అతను ఇష్టపడిన అమ్మాయి కాదంది. ఇంట్లో చెబితే చదువు పాడుచేసుకుంటున్నాడని తిట్లు పడతాయి, స్నేహితులకు చెబితే ఎగతాళి చేస్తారు. ఫ్లాట్‌లో తనకంటూ వేరే గది ఉండదు. కుటుంబమంతా తండ్రి అకామా మీదే ఉంటుంది కాబట్టి, స్కూలు దాకా ఏ గొడవా వెళ్లకూడదన్న భయం ఒకటి. పరీక్షలయ్యాక కాలేజీ కోసం ఇండియాకు వెళ్లిపోతే, ఈ సంగతి తెలిసిన ఒకరిద్దరు మిత్రులు కూడా దూరమవుతారు. ఇంట్లోవాళ్లకు కనిపించేది మాత్రం అతని విసురుమాటలు, తలనొప్పి, తగ్గిన మార్కులే. వాటిని పొగరుగా పొరబడితే అసలు కారణం మరుగునపడుతుంది.

అపోహ: అతన్ని మాట్లాడనిస్తే బాధ ఇంకా పెరుగుతుంది.

వాస్తవం: తీర్పు చెప్పకుండా వినే మేనమామో అన్నయ్యో ఉంటే బాధ మోయడం తేలికవుతుంది. అయితే వినడమంటే ఆశ పెంచడం కాదు. కాదన్న అమ్మాయి వెంటపడకూడదన్న మాట కూడా అప్పుడే స్పష్టంగా చెప్పాలి. చిరాకు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి దాదాపు రోజూ కనిపిస్తే వైద్యుణ్ని కలవాలి. చావు గురించి మాట్లాడితే ఒక్క రోజు కూడా ఆగకూడదు.