రాలిన చిల్లరను ఏరిన నాలుగు లైన్లు

సింగిల్ ప్రెసిషన్‌లో సున్నాతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే కలుపుతూ పొమ్మని కంప్యూటర్‌కు చెప్పి చూడండి. కోటీ అరవై ఏడు లక్షలు దాటేదాకా బుద్ధిగా లెక్కపెడుతుంది. 16777216 దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఆపైన ఇంకో కోటిసార్లు ఒకటి కలిపినా ఆ అంకె కదలదు. ఎర్రర్ అంటూ ఏమీ చూపించదు. అందుకే ఇది తొందరగా మన కంట పడదు.

కారణం చిన్నదే. ఆ పద్ధతిలో ఒక సంఖ్యలోని అంకెలకు దక్కేవి 24 బిట్లు. 16777216 అంటే రెండును 24 సార్లు హెచ్చించగా వచ్చేది. అది దాటాక సరి సంఖ్యలకే చోటు. 16777217కు చోటు లేదు కాబట్టి రౌండింగ్ దాన్ని మళ్లీ 16777216కే లాగేస్తుంది. పెద్ద మొత్తానికి చిన్న సంఖ్య కలిపిన ప్రతిసారీ జరిగేది ఇదే. ఒక్కోసారి సంఖ్య మొత్తంగా పోతుంది, ఎక్కువసార్లు దాని తోక తెగుతుంది. ఒక్క కూడికలో పోయేది చిల్లరే. కూడికలు లక్షలైతే ఆ చిల్లరే పెద్ద మొత్తమవుతుంది.

ఆ చిల్లరను ఏరి పక్కన పెట్టి, తర్వాతి కూడికలో కలిపేస్తే? టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న విలియం కహాన్ 1965 జనవరిలో ఒక కంప్యూటర్ పత్రికలో అచ్చువేయించిన చిన్న నోట్ సారాంశం ఇదే. ఎలా చేయాలో నాలుగు లైన్లలో చెప్పొచ్చు. `s` ఇప్పటిదాకా వచ్చిన మొత్తం, `x` కొత్తగా కలపాల్సిన సంఖ్య, `c` చిల్లర డబ్బా. మొదట్లో డబ్బా ఖాళీ.

```
y = x - c
t = s + y
c = (t - s) - y
s = t
```

నాలుగు అంకెలకు మించి గుర్తుంచుకోలేని యంత్రం ఒకటి ఉందనుకుందాం. దాంట్లో 5000 ఉంది, 0.4ను ఐదుసార్లు కలపాలి. మామూలుగా కలిపితే 5000.4 వస్తుంది, నాలుగంకెలకు కుదిస్తే 5000. ఐదుసార్లయ్యాక కూడా 5000 గానే ఉంటుంది.

ఇప్పుడు డబ్బాతో. మొదటిసారి `t` 5000 వచ్చింది. `t - s` సున్నా, అంటే మొత్తం కాస్తయినా పెరగలేదు. కలపబోయింది 0.4 కనుక `c` విలువ -0.4. రెండోసారి ఆ బాకీ కలిసి `y` 0.8 అవుతుంది, 5000.8 కుదించుకుని 5001 అవుతుంది. ఈసారి మొత్తం 0.2 ఎక్కువ పెరిగింది, కాబట్టి `c` 0.2. మూడోసారి ఆ 0.2 తగ్గించి కలుపుతాం, `t` 5001 దగ్గరే ఉంటుంది, `c` -0.2. నాలుగోసారి `y` 0.6, `t` 5002, `c` 0.4. ఐదోసారి కలపాల్సిన 0.4లోంచి 0.4 తీసేస్తే ఏమీ మిగలదు. మొత్తం 5002, డబ్బా ఖాళీ. అసలు జవాబూ 5002యే.

కిటుకంతా మూడో లైన్‌లో ఉంది. `t`, `s` దాదాపు సమానం కాబట్టి వాటి తేడాలో ఏ అంకే రాలదు. అందుకే పోయిన చిల్లర ఎంతో కచ్చితంగా తెలుస్తుంది. మామూలు కూడికలో తప్పు ఎంతదాకా పోగలదన్న హద్దు సంఖ్యల లెక్కతో పాటు పెరుగుతుంది. ఈ పద్ధతిలో మాత్రం లక్ష కలిపినా, కోటి కలిపినా దాదాపు ఒక్కచోటే ఉంటుంది. బదులుగా ఒక్క కూడిక చోట నాలుగు కూడికలు, తీసివేతలు చేయాలి. డబుల్ ప్రెసిషన్ చేతిలో ఉంటే చాలా పనులకు అదే చాలు. తెలివి చేయాల్సిన పనిని త్వరలో డబుల్ ప్రెసిషనే చేసేస్తుందని కహాన్ కూడా ఆ నోట్‌లో కాస్త ఎత్తిపొడుపుగానే అన్నాడు.

ఈ లైన్లను బడిలో లెక్కల మాస్టారికి చూపిస్తే `c` ఎప్పుడూ సున్నాయే కదా అంటారు. బీజగణితం ప్రకారం ఆయన మాట నిజమే. చిక్కేమిటంటే కొన్ని కంపైలర్లూ అలాగే అనుకుంటాయి. జీసీసీకి `-ffast-math` ఇచ్చామంటే అది మూడో లైన్‌ను అనవసరమని కొట్టిపారేయగలదు. ప్రోగ్రామ్ నడుస్తుంది, జవాబు మాత్రం పాత తప్పుతోనే వస్తుంది. అనుమానం వస్తే మధ్యమధ్యలో `c` అచ్చు వేయించి చూడండి. చిల్లర రాలాల్సిన చోట కూడా ఎప్పుడు చూసినా సున్నాయే కనిపిస్తే డబ్బా ఎగిరిపోయిందన్నమాటే.

కహాన్ పద్ధతికీ ఒక లోపం ఉంది. ఉన్న మొత్తం కన్నా కొత్తగా వచ్చే సంఖ్య చాలా పెద్దదైతే అది బోల్తాపడుతుంది. 1, `1e100`, 1, `-1e100` వరసగా కలిపితే జవాబు 2 రావాలి, సున్నా వస్తుంది. పెద్ద సంఖ్య వచ్చిపడినప్పుడు పోయింది కొత్త సంఖ్య తోక కాదు, పాత మొత్తంలో ఉన్న ఒకటి. ఆ సంగతి మూడో లైన్‌కు తెలియదు. 1974లో నాయ్‌మయర్ అనే గణితవేత్త దీన్ని సరిదిద్దాడు. రెండింటిలో ఏది పెద్దదో చూసి, చిన్నదాంట్లోంచి రాలినదాన్ని లెక్కగట్టి, డబ్బాను చివర్లో ఒకేసారి మొత్తంలో కలిపాడు. అప్పుడు 2 వస్తుంది.

పైథాన్‌లో `sum([0.1]*10)` అని కొడితే చాలా ఏళ్లపాటు `0.9999999999999999` వచ్చేది. 2023లో వచ్చిన 3.12 వెర్షన్ నుంచి `sum` లోపల నాయ్‌మయర్ పద్ధతే నడుస్తోంది. ఇప్పుడు కొట్టి చూడండి, `1.0` వస్తుంది.