కౌంటరు నవ్వు ఇంటిదాకా వస్తే

2016 నవంబరులో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు నోయిడాలోని మా ఇంటికి చేరాను. అప్పట్లో మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి “నాన్నా!” అని పిలిచింది. నేను బూట్లు విప్పుకుంటూ, తలైనా ఎత్తకుండా, పెదవుల మీదికి నవ్వు తెచ్చుకుని “జీ, బతాయియే” అన్నాను. పాప పకపకా నవ్వింది. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న మా ఆవిడ మాత్రం నవ్వలేదు. “పాపతో కూడా కౌంటర్లోనే ఉన్నారా?” అంది.

ఆ మాట చాలాకాలం మనసులో ఉండిపోయింది. ఆ రోజు నేను మోసిందేమిటో, దానికొక పేరు ఉందని తర్వాత గుర్తుకొచ్చింది. ఎంబీఏలో పరీక్ష కోసం చదివి మరిచిపోయిన పేరు: భావ శ్రమ. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో రాసిన పుస్తకంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. ఆమె డెల్టా ఎయిర్‌లైన్స్ విమాన పరిచారికలను దగ్గరగా గమనించారు. ట్రేలు అందించడం, బండి తోయడం ఎలాగో, నవ్వడం కూడా వాళ్ల ఉద్యోగంలో భాగమే. సుదీర్ఘ ప్రయాణం ముగిశాక కూడా తెచ్చిపెట్టుకున్న ఆ ఉత్సాహం నుంచి బయటపడలేకపోతున్నామన్న మాట ఆమె విన్నారు. అదే పుస్తకంలో ఆమె బాకీలు వసూలు చేసేవాళ్ల గురించి కూడా రాశారు. వాళ్లు తెచ్చిపెట్టుకోవలసింది నవ్వు కాదు, కరకుదనం. మన శాఖల్లో ఈ రెండు పనులూ ఒక్కరే చేస్తారు. ఉదయం డిపాజిటు కోసం వచ్చినవారికి చిరునవ్వు, మధ్యాహ్నం మొండి బకాయి ఖాతాదారుకు ఫోనులో గట్టి గొంతు.

పెద్ద నోట్ల రద్దు రోజులు మన ఇళ్లలో అందరికీ గుర్తే. నవంబరు 8 రాత్రి ప్రకటన వచ్చింది. 9న బ్యాంకులు మూసి, 10న తెరిచాం. ఆ వారం శని, ఆదివారాలు కూడా పనిచేశాం. పాత నోట్లు మార్చుకునే పరిమితి మొదట 4,000 రూపాయలు, తర్వాత 4,500, ఆ తర్వాత 2,000. నవంబరు 24తో ఆ మార్పిడి కూడా ఆగిపోయింది. నిన్న ఒక మాట చెప్పిన ముఖంతోనే ఇవాళ ఇంకో మాట చెప్పాలి. ఖాతా నుంచి వారానికి 24,000 తీసుకోవచ్చని రూలు ఉన్నా, మా దగ్గర అంత నగదు ఉండేది కాదు. నిజంగా అలసట పుట్టించింది లెక్కింపు కాదు. ఎదుట నిలబడ్డ పెద్దాయన అడుగుతున్నది న్యాయమేనని మనకు తెలుసు. అయినా కుదరదని చెప్పాలి, అదీ నవ్వుతూ చెప్పాలి, మన భాష కాని హిందీలో, “ఆప్” మర్యాద తప్పకుండా చెప్పాలి.

ఇలాంటప్పుడు మనిషి రెండు దారుల్లో ఒకటి పడతాడని హాక్‌షీల్డ్ వివరించారు. ఒకటి పైపై నటన: లోపల కోపం అలాగే ఉంటుంది, ముఖానికి మాత్రం నవ్వు తగిలిస్తాం. రెండోది లోతు నటన: ఎదుటి మనిషిని చూసే తీరునే మార్చుకుని, లోపలి భావాన్నే కొంత మారుస్తాం. తర్వాత వచ్చిన పరిశోధనల్లో, మనిషిని పిండేసే అలసటతో ఎక్కువగా ముడిపడి కనిపించింది మొదటి దారే.

కారణమేమిటంటే, ముఖాన్ని బిగబట్టినంత మాత్రాన లోపలి భావం తగ్గదు. 1993లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వవేత్తలు కొందరికి చూడ్డానికి అసహ్యం పుట్టించే చిన్న ఫిల్ము చూపించి, ముఖంలో ఏమీ కనబడనీయవద్దన్నారు. వాళ్లకు కలిగిన అసహ్యం ఏమాత్రం తగ్గలేదు. పైగా చర్మం మీద చెమట వంటి ఒత్తిడి గుర్తులు పెరిగాయి. 2000లో గ్రాస్, జేన్ రిచర్డ్స్ చేసిన ప్రయోగాల్లో మరో సంగతి తేలింది. ముఖాన్ని అదుపు చేసుకుంటూ కూర్చున్నవాళ్లకు, ఆ సమయంలో విన్న వివరాలు తక్కువగా గుర్తున్నాయి. బుద్ధిలో కొంత భాగం ముఖానికి కాపలా కాస్తుంటే, పనికి మిగిలేది ఆ మేరకు తక్కువే కదా.

ఇది చదివినప్పుడు మా శాఖలో ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఎప్పుడూ లెక్క తప్పని మా క్యాషియరు అమ్మాయికి ఆ రోజు 2,000 రూపాయలు తగ్గాయి, సరిగ్గా ఒక కొత్త నోటు. రెండుసార్లు లెక్కపెట్టినా దొరకలేదు. తన పర్సులోంచే కట్టి, “పర్లేదు సార్” అంటూ నవ్వింది. ముఖం కాపలాయే దానికి కారణమని నేను తేల్చి చెప్పలేను. కానీ ఆ రోజు పొద్దుట్నుంచి ఆమె ఎన్ని అరుపులకు నవ్వు బదులిచ్చిందో నేను చూశాను. ఆ చివరి నవ్వు కూడా కౌంటరు నవ్వే.

మర్నాడు నేను రెండు పనులు చేశాను. గేటు తెరవకముందే క్యూ చివరిదాకా నడిచాను. తెల్లవారుజామున చలిలో వచ్చి నిల్చున్నవాళ్లు, పెళ్లి కార్డు చేతిలో పట్టుకున్న తండ్రి, పనికి వెళ్లక ఆ రోజు కూలి పోగొట్టుకున్న మేస్త్రి. గంట తర్వాత అదే మేస్త్రి కౌంటరు దగ్గర అరిచాడు. ముందు రోజు అయితే అవి నా మీద అరుపులు, ఇప్పుడు పోయిన కూలి మీద అరుపులు. ముఖానికి నవ్వు తగిలించే అవసరం రాలేదు, గొంతు దానంతటదే మెత్తబడింది. లోతు నటన అంటే ఇదే అనుకుంటాను. రెండో పని, మార్పిడి కౌంటరులో ఎవరినీ గంటన్నరకు మించి కూర్చోబెట్టలేదు. తర్వాత లోపల క్లియరింగు పని. చెక్కుల ముందు ముఖం ఎలా ఉన్నా ఎవరికీ పట్టదు.

దీనికీ హద్దు ఉంది. నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి అర్థం చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు. అక్కడ కావలసింది నటన కాదు, పక్కన వచ్చి నిలబడే మేనేజరు. మనుషులు చాలక పని పేరుకుపోయిన శాఖలో ఏ నటనైనా కొద్ది రోజులే ఆదుకుంటుంది.

హద్దు దాటిందని ముందు తెలిసేది ఇంట్లోవాళ్లకే. ఇంట్లో మాట తగ్గుతుంది, చిన్నదానికి విసుగు పెరుగుతుంది. వచ్చినవాళ్ల గురించి చెప్పేటప్పుడు మనుషులు పోయి టోకెన్ నంబర్లు మిగులుతాయి. పొద్దున బ్యాంకు పేరెత్తితేనే కడుపులో దిగులు, రాత్రి నిద్ర లేకపోవడం వారాల తరబడి సాగితే అది మామూలు అలసట కాదు, డాక్టరుకు చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఆ రాత్రి తర్వాత మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. వచ్చిన ఇరవై నిమిషాలు నేను నవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, ఏమైందని అడగరు. టీ తాగి, ముఖాన్ని దాని మానాన వదిలేస్తాను. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చేరింది. ఇప్పటికీ నేను ఫోనెత్తి మరీ మర్యాదగా మాట్లాడితే, “జీ, బతాయియే” అని అటువైపు నుంచి తనే ముందు అనేస్తుంది. అప్పుడు నాకు వచ్చే నవ్వుకు మాత్రం కాపలా అక్కర్లేదు.