రంగు పోవాలి, పాలిష్ నిలవాలి

గోళ్ల రంగులో పొరగా ఏర్పడే పదార్థం నైట్రోసెల్యులోజ్. దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో మార్చి దీన్ని తయారుచేస్తారు. ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ అనే ద్రావణుల్లో దీన్ని కరిగించి, పొర పెళుసుగా మారకుండా కొన్ని జిగురు పదార్థాలు, ఆపైన రంగు పొడి కలిపితే సీసాలోకి పోసే ద్రవం సిద్ధమవుతుంది. గోటి మీద వేశాక ద్రావణులు గాలిలో కలిసిపోయి పొర మిగులుతుంది. 1920లలో కార్లకు పూసిన రంగూ ఇదే జాతిది. చెక్క సామానుకు కొట్టే ఎన్‌సీ లాకర్ కూడా అదే. ఆ పేరులోని రెండు అక్షరాలు నైట్రోసెల్యులోజ్‌కు పొట్టి రూపం.

బల్ల మీద గోళ్ల రంగు ఒలికితే వచ్చే చిక్కంతా ఈ చుట్టరికంలోనే ఉంది. రంగును కరిగించే రిమూవర్‌కు ఏది గోళ్ల రంగో, ఏది బల్ల పాలిషో తెలియదు. అసిటోన్ గానీ ఇథైల్ అసిటేట్ గానీ తగిలితే రెండూ కరుగుతాయి. ‘అసిటోన్ లేదు’ అని రాసి ఉన్న సీసా కొంటే బల్లకు భయం లేదనుకోవడం పొరపాటు. అలాంటి వాటిలో ఎక్కువగా ఉండేది ఇథైల్ అసిటేట్. అది గోటికి కాస్త మెత్తగా ఉంటుందేమో గానీ లాకర్‌కు మాత్రం అసిటోన్ లాగే శత్రువు. పైగా రిమూవర్ సంగతి తర్వాత, ఒలికిన రంగులోనే ఆ ద్రావణి ఉంది. రంగు పడిన క్షణం నుంచే కింద పాలిష్ మెత్తబడడం మొదలవుతుంది.

అందుకే తడి రంగును గుడ్డతో బరబరా తుడవడం అన్నిటికంటే పెద్ద తప్పు. రూపాయి బిళ్లంత మరక అరచేయంత అవుతుంది, మెత్తబడిన పాలిష్ కూడా గుడ్డతో పాటు లేచి వస్తుంది. తడిగా ఉన్నప్పుడు చేయదగిన పని ఒకటే. మరక మీద గుప్పెడు పంచదార పోసి ఒక నిమిషం ఆగాలి. పలుకులు రంగును పీల్చుకుని ముద్దకడతాయి. ఆ ముద్దను అట్టముక్కతో అంచుల నుంచి మధ్యకు తోసి ఎత్తేయాలి. పంచదారతో రుద్దకూడదు, గీతలు పడతాయి. మిగిలిన పలచని పొరను ఇక ముట్టకుండా పూర్తిగా ఆరనివ్వాలి. ఒక రాత్రి ఆగితే గోళ్ల రంగు గట్టిపడుతుంది, కింద మెత్తబడిన పాలిష్ కూడా తిరిగి బిగుసుకుంటుంది. ఆగడం కష్టమే. కానీ ఆ కంగారులో పాడైన బల్లలే ఎక్కువ.

ఆరిన మరకను తీసే ముందు బల్లకు ఏ పాలిష్ ఉందో తేల్చుకోవాలి. దీనికి ఎవరినీ అడగనక్కర్లేదు. బల్ల అంచు కింద, పాలిష్ పడిన చోట, ఎవరికీ కనబడని వైపు చెవిపుల్లతో ఒక చుక్క సర్జికల్ స్పిరిట్ పెట్టి అర నిమిషం తర్వాత వేలితో తాకాలి. జిగటగా తగిలితే అది లక్క పాలిష్, అంటే పాతకాలపు స్పిరిట్ పాలిష్ లేదా ఫ్రెంచ్ పాలిష్. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది కాబట్టే దానికి ఆ పేరు. ఏటికొప్పాక బొమ్మల నిగనిగ కూడా లక్కదే కనుక వాటి మీదా స్పిరిట్ పనికిరాదు. స్పిరిట్‌కు చలించకపోతే మరో చోట ఒక చుక్క అసిటోన్ పెట్టి చూడాలి. వెంటనే కరిగి చెవిపుల్లకు అంటుకుంటే ఎన్‌సీ లాకర్. రెండింటికీ లొంగకపోతే అది మెలమైన్ లేదా పీయూ పాలిష్. ఈ రెండూ ఆరేటప్పుడు రసాయనికంగా అల్లుకుపోయే పొరలు. అవి కరగవు. అలాగని అసిటోన్‌లో నాననిస్తే ఉబ్బి, మెరుపు పోయి మసకబారతాయి.

లక్క, ఎన్‌సీ పాలిష్‌ల మీద రసాయనాల జోలికి పోకపోవడమే మేలు. అక్కడ గోళ్ల రంగును కరిగించకుండా ఒలిచి తీయాలి. పాత ఏటీఎం కార్డు అంచుకు చుక్క కొబ్బరినూనె రాసి, బల్లకు దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి, మరక అంచు నుంచి లోపలికి నెట్టాలి. బాగా ఆరిన రంగు చిన్న పెచ్చులుగా లేస్తుంది. నూనె వల్ల కార్డు జారుతుందే గానీ పాలిష్‌ను గీకదు. బ్లేడు వాడితే పని త్వరగా అవుతుంది, గాటూ త్వరగానే పడుతుంది. ఐసు పెడితే రంగు పెళుసెక్కి ఊడుతుందన్న మాట నిజమే కానీ, ఐసు కరిగిన తడి లక్క మీద తెల్ల మచ్చ వేస్తుంది.

మెలమైన్, పీయూ బల్లల మీద స్పిరిట్ సాయం తీసుకోవచ్చు. స్పిరిట్ గోళ్ల రంగును రిమూవర్‌లా ఇట్టే కరిగించదు, మెల్లగా మెత్తబరుస్తుంది. ఇక్కడ కావలసింది సరిగ్గా ఆ బలహీనతే.

టేకు వెనీర్ అతికించి మెలమైన్ పాలిష్ కొట్టిన ఒక టీపాయి మీద రూపాయి బిళ్లంత ఎర్ర రంగు పడి, రాత్రంతా ఆరిపోయిందనుకుందాం. అంచు కింద చేసిన పరీక్షలో స్పిరిట్‌కు గానీ అసిటోన్‌కు గానీ ఏమీ కాలేదు. ముందుగా నూనె రాసిన కార్డుతో పైకి ఉబ్బెత్తుగా ఉన్న భాగాన్ని ఒలిచేయాలి. సగానికి పైగా ఇక్కడే పోతుంది. నూనెను పొడి గుడ్డతో తుడిచి, స్పిరిట్‌లో ముంచి పిండిన చిన్న దూది ఉండను మరక మీద ఇరవై సెకన్లు ఉంచి తీసి, వెంటనే కార్డుతో నెట్టాలి. దూది కారుతూ ఉండకూడదు, తడి మరక దాటి పోకూడదు. రంగు మెత్తని చర్మంలా ముడుచుకుని లేస్తుంది. ప్రతిసారీ కొత్త దూది తీసుకోవాలి, లేకపోతే కరిగిన ఎరుపు టేకు నరాల వెంట సన్నని గీతలుగా దిగుతుంది. రెండు విడతల మధ్య రెండు నిమిషాలు ఆగితే పాలిష్ ఆరుతుంది. ఐదారు విడతలకు మరక పోయి, నరాల్లో మాత్రం ఎర్రని చుక్కలు మిగలవచ్చు. అప్పుడు చెవిపుల్ల కొనను మాత్రం అసిటోన్‌తో తడిపి, ఒక్కొక్క చుక్క మీద క్షణం తాకించి, పొడి దూదితో అద్దేయాలి. ఈ పరీక్షలో నెగ్గిన పాలిష్ అంతవరకే తట్టుకుంటుంది. మొత్తం పని అరగంట, ముప్పావుగంట. కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గరలో పొయ్యి, దీపం, అగరుబత్తి ఏవీ వెలగకూడదు. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

పని చెడుతోందని చెప్పే గుర్తులు ముందే కనిపిస్తాయి. దూదికి ఎరుపుతో పాటు గోధుమ రంగు అంటుతోందంటే వస్తున్నది బల్ల పాలిష్. తుడిచిన చోట వేలు అతుక్కుంటే అక్కడికి ఆపి ఆరనివ్వాలి. తెల్లని పొగలాంటి మచ్చ వస్తే దానికి మరో కారణం ఉండవచ్చు. ద్రావణి వేగంగా ఆవిరైనప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, వానాకాలపు గాలిలోని తేమ ఆ చల్లదనానికి పాలిష్‌లోకి చేరి తెల్లగా కనిపిస్తుంది. అలాంటి మసక పొడి వాతావరణంలో ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గడం కద్దు. కాబట్టి దాన్ని చూసి వెంటనే రుద్దడం మొదలుపెట్టకూడదు. చివరి మెరుపు కోసం కారు రంగుకు వాడే రబ్బింగ్ కాంపౌండ్ కొద్దిగా మెత్తని గుడ్డతో పట్టించవచ్చు. మాట్ పాలిష్ మీద మాత్రం అది పనికిరాదు. రుద్దిన చోటు మెరిసి, మరక లేకపోయినా మరక ఉన్నట్టే కనిపిస్తుంది. సాండ్ పేపర్ అసలే వద్దు. వెనీర్ మందం సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు.

ప్లాస్టిక్ విషయంలో పరీక్ష ఇంకా సులువు. వస్తువు అడుగున త్రికోణంలో ఒక అంకె అచ్చుపోసి ఉంటుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 ఉంటే గట్టి పాలిథీన్. వరండాలో వేసుకునే పోత కుర్చీలు ఎక్కువగా మొదటి రకం. ఈ రెండింటినీ అసిటోన్ ఏమీ చేయదు. అసలు వాటికి గోళ్ల రంగే గట్టిగా అంటదు. ఆరాక గోటితో గీకినా పెచ్చుగా ఊడివస్తుంది. 6 అంటే పాలీస్టైరీన్. అసిటోన్ తగిలితే అది గుంట పడుతుంది. 7 అంటే ‘ఇతరాలు’ అని మాత్రమే అర్థం, అందులో ఏదైనా ఉండవచ్చు. ల్యాప్‌టాప్, టీవీ రిమోట్, మిక్సీ పైకప్పు వంటివి చాలావరకు ఏబీఎస్ లేదా దానితో కలిపిన ప్లాస్టిక్‌లు. వాటి మీద అసిటోన్ పడిన చోట నిగారింపు పోయి వేలిముద్ర అచ్చుపడుతుంది, ఆ అచ్చు ఇక పోదు. అంకె కనబడని ప్రతి వస్తువునూ ఈ కోవలోనే లెక్కించాలి. రంగు ఆరాక కార్డుతో ఒలిచి, మిగిలినదానికి స్పిరిట్ అద్దిన దూదితో కొద్దికొద్దిగా పని చేయాలి.

పారదర్శకమైన యాక్రిలిక్ మీద స్పిరిట్ కూడా ప్రమాదమే. తుడిచినప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది. వంపుల దగ్గర, స్క్రూల చుట్టూ సాలెగూడులాంటి సన్నని పగుళ్లు తర్వాత తేలతాయి. యాక్రిలిక్ మీద నూనె రాసిన కార్డుతోనే సరిపెట్టుకోవాలి.

సన్‌మైకా బల్లల వాళ్లకు ఇంత బాధ లేదు. ఆ పలక అసిటోన్‌కు చలించదు, అద్దిన దూదితో ఒక్కసారి తుడిస్తే చాలు. దాని బలహీనత అంచులో ఉంది. పలకను అతికించిన జిగురు అసిటోన్‌లో మెత్తబడుతుంది. అంచు పట్టీ పక్కన రిమూవర్ పోస్తే మరక పోతుంది గానీ కొన్నాళ్లకు పట్టీ లేస్తుంది.

యూవీ దీపం కింద ఆరబెట్టే జెల్ రంగుకు లెక్క వేరు. అది దీపం గానీ ఎండ గానీ తగిలేదాకా గట్టిపడదు. కాబట్టి ఒలికిన వెంటనే కిటికీ తెరలు వేసి, టిష్యూ కాగితంతో అద్ది, స్పిరిట్‌తో తుడవాలి. ఆలస్యం చేసి గట్టిపడనిస్తే కార్డు తప్ప మరో దారి ఉండదు.

ఎంత జాగ్రత్తపడినా, తడి రంగే ముందుగా తినేసిన పాలిష్ తిరిగి రాదు. మరక తీశాక కింద గుంటలా మసకచోటు మిగిలితే అది పాలిష్ మేస్త్రీ పని. ఇక్కడ లక్కదే పైచేయి. లక్క మీద కొత్త లక్క వేస్తే పాత పొర కరిగి కలిసిపోతుంది కాబట్టి అతుకు తెలియకుండా ఆ చోటు మటుకు సరిచేయవచ్చు. పీయూ అలా కలవదు. బిళ్లంత మచ్చ కోసం బల్ల పైభాగమంతా రుద్ది మళ్లీ కొట్టాల్సిందే.